అడిగారు గనుక: ఆయువు పెరిగితే ఊరు ముసలిదవుతుందా?

హత్నూర నుండి ఒక విద్యార్థిని వ్రాస్తున్నది: "ఆయుర్దాయం పెరగడం గురించి వ్యాసం వ్రాస్తున్నాను. మనుషులు ఎక్కువకాలం బ్రతుకుతున్నారు గనుకనే దేశంలో వృద్ధులు పెరిగారని వ్రాయవచ్చునా?"

వ్రాయకు అమ్మాయీ! ఆ మాటలో సగమే నిజం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఇప్పుడు 70 దాటింది. అంటే ఆనాడు అందరూ ముప్పై రెండేళ్లకే కన్నుమూశారనా? కాదు. పదిమంది పిల్లలు పుట్టారనుకో. ముగ్గురు పురిటిలోనే పోయి, ఏడుగురు అరవయ్యేళ్లు బ్రతికితే సగటు 42. ఆ ముగ్గురినీ కాపాడితే సగటు 60కి ఎగబాకుతుంది. ముసలివాళ్ల ఆయువు మాత్రం ఒక్క రోజు పెరగలేదు! పైపెచ్చు ఊళ్లో పిల్లల సంఖ్యే పెరిగింది. కనుక ఆయుర్దాయం పెరిగిన తొలినాళ్లలో దేశం మరింత పడుచుదవుతుంది.

మరి వృద్ధుల పాలు పెరిగేది ఎప్పుడు? ముఖ్యంగా, కాన్పులు తగ్గినప్పుడు. తరం తరానికి జనం తరగకుండా ఉండాలంటే తల్లికి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో తేలింది 1.8.

ఇక ఆధారితుల నిష్పత్తి. పదిహేను నిండని పిల్లలను, అరవై నిండిన పెద్దలను కలిపి, నడుమ వయసువారితో భాగించి, నూటితో గుణించాలి. లెక్కకోసం నూరుమంది ఉన్న ఊరొకటి ఊహించు. పిల్లలు 40, వృద్ధులు 6, నడుమవారు 54. నిష్పత్తి 85. కాన్పులు తగ్గాక పిల్లలు 22, వృద్ధులు 12, నడుమవారు 66 అయితే అది 52కు దిగుతుంది. చేతులెక్కువ, నోళ్లు తక్కువ అయిన మంచికాలమిది. మరొక తరానికి పిల్లలు 18, వృద్ధులు 22 అయితే మళ్లీ 67. ఈసారి బరువు పలకాబలపాలది కాదు, మందుబిళ్లలది. అందుకే పిల్లల నిష్పత్తీ వృద్ధుల నిష్పత్తీ విడివిడిగా చూపించు. కొన్ని పుస్తకాలు వార్ధక్యాన్ని 65 నుండి లెక్కిస్తాయి. ఆ అంకెలను వీటితో కలిపేస్తే వ్యాసం చెడుతుంది.

ఈ లెక్కకు లోపాలూ ఉన్నాయి. ఇరవయ్యేళ్ల నీ అన్న కాలేజీలో చదువుతున్నా 'సంపాదించేవాడి' కిందే లెక్క. డెబ్బయ్యేళ్ల తాత పొలంలో కలుపు తీస్తున్నా 'ఆధారితుడే'.

మీ దాపుననే మరొక చిత్రముంది. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలకు బీహారు, ఒడిశాల నుండి పడుచువాళ్లు వస్తారు. వాళ్ల తల్లిదండ్రులు ఊళ్లోనే ఉండిపోతారు. అందువల్ల ఇక్కడ నిష్పత్తి తగ్గుతుంది, అక్కడ పెరుగుతుంది. కాని ఇక్కడి జీతంలో కొంత నెలనెలా అక్కడికే పోతుంది. ఆ సంగతి ఏ నిష్పత్తిలోనూ కనిపించదు.