ఆపా సాల్‌గిరా ఏ తారీఖున?

పుట్టినరోజుని మనం సాల్‌గిరా అంటాం. సాల్ అంటే ఏడాది, గిరా అంటే ముడి. వెనకటి ఇళ్లలో ఏటా దారానికి ఒక ముడి వేసి వయసు లెక్క పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ దారం పని ఫోను చేస్తోంది. నా షికాయత్ ఏమిటంటే, మన బుజుర్గుల విషయంలో ఫోను ఆ ముడిని తప్పు తారీఖున, అదీ ఆలస్యంగా వేస్తోంది.

మా వాడరేవు ఆపానే మిసాల్‌గా తీసుకుందాం. ఆమె ఉప్పెన వచ్చిన ఏడాది బక్రీద్ నాడు పుట్టింది. ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది, ఆ తర్వాత రెండు మూడు రోజులకే బక్రీద్. స్కూల్లో చేర్చిన రోజు మేస్టారు మాత్రం జూలై 1 అని రాసుకున్నారు. ఆధార్‌లోనూ అదే. కాబట్టి పిల్లల ఫోన్లన్నీ జూలై 1నే ముబారక్ చెప్పమంటాయి. ఆపా మాత్రం తన సాల్‌గిరా బక్రీద్ నాడే అనుకుంటుంది. జూలైలో ఫోనొస్తే "షుక్రియా బేటా" అంటుంది గానీ, ఆమె ఎదురుచూసిన రోజు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

నా రాయ్ ఇది: మనిషి ఏ తారీఖుని తనదనుకుంటే అదే ఆ మనిషి సాల్‌గిరా. కాగితం మీది తారీఖు పింఛనుకీ బ్యాంకుకీ సరిపోతుంది. ముందు ఆమెనే అడగండి. సంవత్సరం గుర్తు లేదంటే ఉప్పెనకి ముందా వెనకా, రంజాన్‌లోనా షాబాన్‌లోనా అని అడిగితే చాలామందికి గుర్తొస్తుంది.

ఇక అసలు చిక్కు. చాంద్ సాలులో 354 రోజులు, కొన్నేళ్లలో 355. అందుకే చాంద్ తారీఖు ఇంగ్లీషు క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. మన దగ్గర బక్రీద్ 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. 2023లో ఎవరైనా జూన్ 29 అని పెట్టి, ఏటా మోగమని వదిలేస్తే, 2025 నాటికి ఆ గంట ఇరవై రెండు రోజులు ఆలస్యం. కాబట్టి చాంద్ తారీఖుకి ఏటా తిరిగొచ్చే రిమైండర్ పెట్టకండి. `Does not repeat` అనే ఉంచి, ప్రతి సాల్‌గిరా అయిన మర్నాడే వచ్చే ఏటిది కొత్తగా రాసుకోండి. సుమారు తారీఖు కావాలంటే ఈ ఏటి దానిలోంచి పదకొండు రోజులు తీసేయండి. ఒకటి రెండు రోజుల తేడా రావచ్చు.

ఆ తేడా ఎందుకంటే నెల 29 రోజులా 30 రోజులా అన్నది నెలవంక కనపడ్డాకే తేలుతుంది. బక్రీద్ పదో తారీఖు కాబట్టి ఖరారైన రోజు తొమ్మిది పది రోజుల ముందే తెలుస్తుంది. అదే రంజాన్ మొదటి రోజున పుట్టిన నానీమా సాల్‌గిరా అయితే ముందు రాత్రి దాకా తెలియదు. ఆ రాత్రి చీర కొనడానికి ఎక్కడికి పోతారు? అందుకే తోఫాకి సుమారు తారీఖు చాలు, ఫోనుకి మాత్రం పక్కా తారీఖు కావాలి. ఈ రెంటికీ వేర్వేరు రిమైండర్లుండాలి.

ఆపాకి చీరాల మగ్గం చీర ఇవ్వాలనుకుందాం. నచ్చిన రంగు దుకాణంలో లేకపోతే నేతగాడికి చెప్పి నేయించాలి, తర్వాత ఫాల్ కుట్టించాలి, జాకెట్టు దర్జీకివ్వాలి. పండగ ముందు దర్జీలు కొత్త బట్టలు తీసుకోవడం ఆపేస్తారు. అందుకే మొదటి గంట నాలుగు వారాల ముందు మోగాలి. ఫోనులో `Add notification` నొక్కి, `Custom`లో 4 weeks అని పెట్టండి. రెండోది నెలవంక కనపడే రోజుకి, అంటే పది రోజుల ముందు. ఆ మర్నాడు పక్కా తారీఖు చూసుకుని ఎంట్రీని దిద్దండి.

సౌదీలో ఉన్న పిల్లలకి ఇంకో మాట. అక్కడ ఈద్ తరచు మనకన్నా ఒక రోజు ముందు. 2024లో వాళ్లకి జూన్ 16, మనకి 17. మీ ఈద్ నాడు ఫోన్ చేస్తే ఇక్కడ ఆపాకి ఇంకా అరఫా రోజే. మీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక కూడా. మీకు రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదిన్నర, ఆపా నిద్రపోయే వేళ. మన ఈద్ నాడు, మీ సాయంత్రం అయిదుకి చేయండి. ఇక్కడ ఏడున్నర అవుతుంది. మెహమాన్లు వెళ్లిపోయి, ఆపా తీరిగ్గా కూర్చుని ఉంటుంది.