నెలలు నిండని బిడ్డ

రెండు మాసములు ముందుగా బుట్టిన తన బిడ్డ అయిదవ నెల నిండినను బోర్లపడుట లేదని యొక సోదరి మాకు వ్రాసిరి. అయిదింట రెండు తీసివేయగా ఆ బిడ్డ వయస్సు మూడు నెలలే. అప్పుడే బోర్లపడవలెనన్న నెట్లు? రెండేండ్లు నిండువఱకు ఎదుగుదల నిట్లే లెక్కింపవలెను. టీకాలకు మాత్రము పుట్టిన తేదీయే లెక్క.

ఇంటికి వచ్చిన క్రొత్తలో ఇట్టి బిడ్డకు పాలు, వెచ్చదనము ముఖ్యము. చీకుటకు శక్తి చాలనిచో పిండిన చనుబాలను ఉగ్గుగిన్నెతో రెండు గంటలకొకసారి మెల్లగా పట్టవలెను. ఏడ్చువఱకు ఆగరాదు, నీరసించిన బిడ్డ ఆకలిగొన్నను ఏడువక నిద్రించును. తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్మున ఒంటికి ఒళ్లు తగులునట్లు హత్తుకొని పైన దుప్పటి కప్పుకొనవలెను. పొట్ట వెచ్చగానుండి పాదములు చల్లబడిన చలి సోకుచున్నదని గుర్తు. రెండును చల్లబడినచో అట్లు హత్తుకొనియే తక్షణము ఆసుపత్రికి తీసికొనిపోవలెను.