ఖాళీ సీసా సంగతి ఎవరూ ఎత్తరేం?

ములకలచెరువులో 2025 అక్టోబరులో నకిలీ మద్యం గుట్టు రట్టయిన దగ్గర్నుంచి ఫోన్లలో ఎర్ర బాణాల ఫొటోలు తెగ తిరుగుతున్నాయి. సీసా అడుగున అంకె చూడండి, లేబుల్ వంకర చూడండి అని. ప్రభుత్వం సురక్షా యాప్ తెచ్చింది, మంచిదే. కానీ నకిలీ మందు తరచూ పోసేది అసలు సీసాలోనే. ఆ సీసాలు దొరక్కుండా చేసే దారి 2022 నుంచి నీలగిరి కొండల్లో నడుస్తుంటే దాని ఊసే లేదు.

అడుగున ఉబ్బెత్తుగా ఉండే అంకె గాజు అచ్చు నంబరు. ఒకే ఫ్యాక్టరీలో ఎన్నో అచ్చులుంటాయి కాబట్టి రెండు సీసాలకు వేర్వేరు నంబర్లుంటే నకిలీ అనుకోవడం అమాయకత్వం. పాత సామాను కొట్టు నుంచి తెచ్చిన సీసాకు అసలు గుర్తే ఉంటుంది. ఒక్క సీసా కాదు, పెట్టెలోని సీసాలన్నీ బోర్లించి ఫొటో తీయాలి. రకరకాల గాజు కంపెనీల గుర్తులు కలగలిసి, అడుగు అంచు అరిగి తెల్లబడితే అప్పుడు అనుమానించాలి. పాత సీసాలను చట్టబద్ధంగానే మళ్లీ నింపే చోట, ముఖ్యంగా బీరు విషయంలో, ఇదీ రుజువు కాదు.

లేబులూ అంతే. ఫోన్ కాస్త వాలితే సరైన లేబులూ వంకరగా కనిపిస్తుంది. సీసాలను వరుసగా నిలబెట్టి ఎదురుగా తీస్తే, చేత్తో అంటించినవి ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటాయి.

కాస్త నమ్మదగ్గది మూత. అల్యూమినియం మూత ఫ్యాక్టరీకి మరలు లేకుండా నున్నగా వస్తుంది. సీసాపై పెట్టాక యంత్రం చక్రాలు దాన్ని గాజు మరల మీదికి నొక్కి, కింది అంచును గాజు గట్టు కిందికి మడుస్తాయి. మూత తిప్పగానే సన్నని అతుకులు తెగి రింగు మెడకే ఉండిపోతుంది. మళ్లీ నింపేవాడు ఆ రింగును కోసి తీయాలి, అందుకే గాజు మెడపై గీతలు పడొచ్చు. చేతి మిషన్‌తో బిగించిన కొత్త మూతకు మరలు లోతుగా పడవు, రింగు వదులుగా తిరుగుతుంది. అయితే మంచి మిషన్ కొన్నవాడిని ఇదీ పట్టివ్వదు. మిథనాల్ ఉందో లేదో ఏ ఫొటో చెప్పదు.

ఇక నీలగిరి. అడవిలో సీసాల చెత్త ఆపడానికి మద్రాసు హైకోర్టు ఒత్తిడితో తమిళనాడు ప్రభుత్వ దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెస్తే తిరిగిస్తున్నాయి. ఉద్దేశం పర్యావరణమే, కానీ అలా వెనక్కొచ్చిన ప్రతి సీసా కల్తీదారు చేతికి అందనిదే. ఇక్కడా అలా చేద్దామంటే ఖర్చవుతుందనీ, దుకాణంలో చోటు చాలదనీ అంటారు. పదేసి రూపాయలు కట్టేది తాగేవాడే కదా! కోట్ల సీసాల మీద పన్ను లెక్క తప్పకుండా వసూలు చేసే శాఖకు, అవే సీసాలు ఖాళీ అయ్యాక ఎటు పోతున్నాయో పట్టదా? మూత రింగును భూతద్దంలో చూడమని కౌంటరు దగ్గర కూలివాడికి చెప్పేముందు, పాత సీసాలు టోకున కొంటున్నదెవరో ఎక్సైజ్ శాఖ జిల్లాలవారీగా లెక్క బయటపెట్టాలి.