పొడుగు మనుషులూ, నెత్తుటి గడ్డలూ

పెళ్ళిచూపులలో "అబ్బాయి ఆరడుగులవాడు" అంటే చాలు, ఆడపెళ్ళివారు సగం మెత్తబడతారు. ఆజానుబాహువని కూడా అనేస్తారు. నిజానికి ఆ మాటకు మోకాళ్ళదాకా చేతులున్నవాడని అర్థం. పొడుగుతో దానికి పని లేదు. ఆ సంగతి అలా వుంచి, పొడుగుకూ నెత్తురుకూ ఒక పేచీ వున్నదని స్వీడన్ వైద్యులు 2017లో లెక్క తేల్చారు.

ఆ దేశంలో సైన్యపు పరీక్షకు వచ్చిన 16 లక్షలకు పైబడిన మగవారి ఎత్తులు రాసిపెట్టి వున్నాయి. వారిలో తరువాత ఎవరికి సిరలలో నెత్తురు గడ్డకట్టిందో చూశారు. 190 సెంటీమీటర్లు, అంతకు మించినవారితో పోలిస్తే 160 లోపువారికి ఆ ప్రమాదం 65 శాతం తక్కువ. పొడుగువారి తిండీ, కలిమీ వేరేమోనని మీరు అడగవచ్చు. ఆ అనుమానం వారికీ వచ్చింది. అందుకే అన్నదమ్ములను అన్నదమ్ములతోనే పోల్చారు. ఒకే తల్లిదండ్రుల బిడ్డలైనా, ఎత్తులో బాగా తేడా వున్నచోట పొట్టి సోదరునికే ప్రమాదం తగ్గింది.

మేడమీద తొట్టి యెంత యెత్తున వుంటే కింది కుళాయిలో నీరు అంత జోరుగా వస్తుంది కదా! అన్న 185 సెంటీమీటర్లు, తమ్ముడు 165 అనుకోండి. గుండెనుంచి చీలమండకు అన్నకు సుమారు 124 సెంటీమీటర్లు, తమ్ముడికి 110. కదలకుండా నిలబడితే అక్కడి సిరలో వత్తిడి, పాదరసపు లెక్కన, అన్నకు 97 మిల్లీమీటర్లు, తమ్ముడికి 86. నడిస్తే పిక్కల కండరాలు నెత్తురును పైకి పిండి ఆ వత్తిడిని బాగా దించుతాయి. గంటల తరబడి కూర్చున్నా, ఆపరేషన్ తరువాత మంచాన పడినా ఆ పని ఆగుతుంది. పైగా పొడుగు కాలిలో సిర పొడుగు కూడా యెక్కువే. కారణం ఇదేనని వైద్యుల ఊహ; పూర్తిగా రుజువు కాలేదు.

గుండె సంగతి వేరు. పొడుగువారి గుండె పైగదులు కాస్త పెద్దవి. వాటిలో విద్యుత్తు దారి తప్పి తిరగడానికి చోటెక్కువ. నాడి లయ తప్పుతుంది. సగటున 5 అడుగుల 7 అంగుళాలు దాటిన ప్రతి అంగుళానికీ ఈ ముప్పు సుమారు 3 శాతం పెరుగుతుందని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు 2019లో చెప్పారు. కాలిలోని గడ్డ ఊపిరితిత్తులకు పోతే, ఎడమ పైగదిలోని గడ్డ మెదడుకు పోగలదు.

ఇంట్లో పొడగరులుంటే బెంగపడనక్కరలేదు. పాశ్చాత్య దేశాలలో సిరల గడ్డ యేటా సుమారు వెయ్యిమందిలో ఒకరికే వస్తుంది. అయితే ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మణికట్టు నాడిని నిమిషంసేపు చూస్తే, దెబ్బకూ దెబ్బకూ యెడం ఒక తీరున లేకుండా వుంటే, ఇ.సి.జి. తీయించాలి.

పొట్టివారు మురిసిపోయేలోగా ఇంకొక మాట: గుండె రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే గుండెపోటు మాత్రం వారికే కాస్త యెక్కువట!