ఒక్క మరణ పత్రంతో పనులు జరగవు

ఇంటి పెద్ద కన్నుమూసి, పెద్దకర్మ ముగిసిన మర్నాటి నుంచి ఆ కుటుంబానికి మరో తిరుగుడు మొదలవుతుంది. బ్యాంకు, బీమా ఆఫీసు, సొసైటీ, తహసీల్దారు కార్యాలయం, కరెంటాఫీసు... ఎక్కడికి వెళ్లినా మొదట అడిగే కాగితం మరణ ధ్రువపత్రం. మన గ్రామాల్లో చాలామంది ఆ పత్రం ఒక్కటి తెచ్చుకుని బీరువాలో భద్రం చేసుకుంటారు. ఆ ఒక్కటీ మొదటి ఆఫీసులో ఇచ్చేశాక తక్కిన పనులన్నీ నిలిచిపోతాయి.

ఒక రైతు కుటుంబం సంగతి చూద్దాం. ఊరు, పేరు చెప్పనక్కరలేదు. ఇలాంటి ఇల్లు ప్రతి మండలంలోనూ ఉంటుంది. యాభై రెండేళ్ల ఆ రైతుకు మూడెకరాల భూమి, దానికి మోటారు కనెక్షను, సొసైటీలో పంట రుణం, ఒక బ్యాంకు ఖాతా, ఒక జీవిత బీమా పాలసీ ఉన్నాయి. ఏటా ఖాతా నుంచి 436 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా కూడా ఉంది. ఆయన పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రిలో చనిపోయారు. కొడుకు మరణ పత్రం ఒక్కటి తెచ్చి బీమా ఆఫీసులో ఇచ్చాడు. వారు దానిని ఫైలులో పెట్టుకున్నారు. తరువాత బ్యాంకుకు వెళితే జిరాక్సు చెల్లదన్నారు. మరొకటి కోసం సొంత ఊరి పంచాయతీ కార్యదర్శి వద్దకు వెళితే, ఆ మరణం తన రిజిస్టరులో లేదన్నారు.

కార్యదర్శి చెప్పింది నిజమే. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం మరణాన్ని అది జరిగిన చోటనే నమోదు చేస్తారు. మనిషి నివసించిన ఊరితో దానికి సంబంధం లేదు. ఇంట్లో పోతే ఇంటి పెద్ద గ్రామంలోనే తెలియజేయాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వారు తెలియజేయాలి. పట్నంలో అయితే నమోదు సాధారణంగా ఆ పట్నపు పురపాలక సంఘంలో జరుగుతుంది. కనుక మృతదేహాన్ని తీసుకువచ్చే రోజునే, ఎక్కడ నమోదు చేయిస్తున్నారో ఆసుపత్రిలో అడిగి రాసుకోవడం మంచిది. లేకుంటే ఈ కుర్రవాడికి మల్లే కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని మళ్లీ పట్నం వెళ్లవలసి వస్తుంది.

మనవారిలో ఒక అపోహ ఉంది. మొదట ఇచ్చినదే అసలు పత్రమని, తరువాత తెచ్చుకునేవి దాని కంటే తక్కువవని అనుకుంటారు. అది సరికాదు. అసలు నమోదు రిజిస్టరులోనే ఉంటుంది. మన చేతికి వచ్చే ప్రతి పత్రమూ దాని నుంచి తీసి, రిజిస్ట్రారు సంతకంతో ఇచ్చే ధ్రువీకరించిన నకలే. కనుక ఆరో నకలు కూడా మొదటి నకలంత చెల్లుతుంది. దానిని జిరాక్సు తీస్తే మాత్రం అది ఉత్త జిరాక్సే.

మరి ఎన్ని నకళ్లు కావాలి? ఏ ఆఫీసు పత్రాన్ని ఉంచేసుకుంటుందో, ఏది చూసి తిరిగి ఇచ్చేస్తుందో అడిగి లెక్క వేసుకోవాలి. పై కుటుంబానికి బ్యాంకు ఖాతాకు ఒకటి కావాలి. జీవన జ్యోతి బీమా దరఖాస్తు అదే బ్యాంకులో ఇచ్చినా, అది బీమా కంపెనీకి వెళుతుంది గనుక దానికి వేరొకటి పెట్టాలి. జీవిత బీమా పాలసీకి ఒకటి. తహసీల్దారు వద్ద కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి ఒకటి, పట్టా పేరు మార్పుకు ఒకటి. సొసైటీకి ఒకటి. ఇవి ఆరు. మోటారు కనెక్షను పేరు మార్పు వంటి వాటికి చూపించడానికి ఇంట్లో మరో రెండు ఉండాలి. మొత్తం ఎనిమిది. ఒక్క ఖాతా తప్ప ఏమీ లేని ఇంటికి రెండో మూడో చాలు.

నకళ్లు చేతిలో ఉంటే ఈ పనులన్నీ ఒకే వారంలో మొదలుపెట్టవచ్చు. ఖాతాకు నామినీ ఉండి కాగితాలన్నీ సక్రమంగా ఇస్తే, 15 రోజుల్లో బ్యాంకు సొమ్ము చెల్లించాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కాగితం ఇచ్చేదాకా ఆ గడువు లెక్కలోకే రాదు. ఒకే నకలు పట్టుకుని ఒక ఆఫీసు తరువాత మరొకటి తిరిగితే నెలలు గడిచిపోతాయి.

అయితే ఎనిమిదీ ఒకేసారి తీసుకోరాదు. నమోదు కాగానే తెలియజేసిన వారికి ఒక పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. ముందుగా ఆ ఒక్కటి చదవాలి. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటుంది. ఆసుపత్రి చీటీలో ఊళ్లో పిలిచే పేరు పడుతుంది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, మరణించిన తేదీ మిగతా కాగితాలతో సరిపోలాలి. తేడా ఉంటే అదే రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టి సరిచేయించి, ఆ తరువాతే తక్కిన నకళ్లు తీసుకోవాలి. తప్పు పేరుతో ఎనిమిది తీసుకుంటే ఎనిమిదీ వృథాయే.

ఇక దరఖాస్తు ఎవరు చేయవచ్చు? ఇక్కడే ఆడపిల్లలు మోసపోతున్నారు. అన్న వద్ద పత్రం ఉంది, అడిగితే ఇవ్వడు, నేనేం చేయగలనని అత్తవారింట ఉన్న కూతురు ఊరుకుంటుంది. చట్టంలోని 17వ సెక్షను ప్రకారం రుసుము చెల్లించి ఎవరైనా రిజిస్టరులో వెతికించి నకలు పొందవచ్చు. భార్య, కొడుకు, కూతురు, కోడలు ఎవరైనా అడగవచ్చు. ఒకరి అనుమతి మరొకరికి అక్కరలేదు. చనిపోయిన వారి పేరు, తేదీ, మరణించిన స్థలం చెప్పాలి. తమ గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

ఎవరికైనా ఇస్తే ఆస్తి పరుల పాలవుతుందని భయపడనవసరం లేదు. మరణ పత్రం మనిషి పోయాడని, ఎప్పుడు ఎక్కడ పోయాడని మాత్రమే చెబుతుంది. వారసులెవరో చెప్పదు. దానికి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరుగా ఉంది. మరణ కారణం కూడా ఆ నకలులో రాయరాదు. కనుక ప్రమాద బీమా కోరే వారు పోలీసు, పోస్టుమార్టం కాగితాలు విడిగా తెచ్చుకోవాలి.

ఇదంతా నమోదు జరిగి ఉంటేనే. మరణించిన 21 రోజుల్లో తెలియజేయాలి. 30 రోజులు దాటితే జిల్లా స్థాయి అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంట్లో పోయిన ముసలివారి విషయంలో ఈ అశ్రద్ధ ఎక్కువగా జరుగుతోంది.

ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉన్న పత్రాలు కూడా వస్తున్నాయి. దానిని ఫోనుతో చూసి నిజమో కాదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. అలా చూసి, జిరాక్సు ఉంచుకుని, అసలు నకలు తిరిగి ఇచ్చేస్తే ఆఫీసులకు పోయేదేమీ లేదు. రిజిస్ట్రార్లు కూడా మొదటి పత్రం చేతికిచ్చేటప్పుడే, పేరు సరిచూసుకోండి, ఎన్ని నకళ్లు కావాలో చెప్పండి అని ఒక్క మాట అడిగితే, దుఃఖంలో ఉన్న కుటుంబానికి పది ప్రయాణాలు తప్పుతాయి. అధికారులు ఈ విషయమై ఆలోచించవలసి ఉంది.