ముట్లుడిగే వేళ ఆవిర్లకు గర్భసంచి ఆపరేషన్ మందు కాదు

యాభైకి దగ్గరపడిన ఇల్లాలు ఒంట్లో ఆవిర్లు పుడుతున్నాయంటే, మన గోదావరి జిల్లాలలో ముందుగా వేడి చేసిందని మజ్జిగ ఇస్తారు. అప్పటికీ తగ్గకపోతే గర్భసంచి తీయించుకుంటే పీడా పోతుందని ఇరుగుపొరుగువారు సలహా ఇస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 49 ఏళ్లలోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది. ఇది ఆలోచించవలసిన విషయం.

ఆవిర్లు గర్భసంచిలో పుట్టేవి కావు. దానికి రెండు పక్కలా ఉండే అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ముట్లుడిగే కాలంలో అది తగ్గిపోతుంది. దాంతో ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగం కొద్దిపాటి వేడికే బెదిరి చెమట పట్టిస్తుంది. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే, నెమ్మదిగా రావలసిన మార్పు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆవిర్లు మరింత ఎక్కువవుతాయి. చిన్న వయసులోనే అలా జరిగితే ఎముకలు కూడా త్వరగా గుల్లబారతాయి.

కోనసీమలో 48 ఏళ్ల రైతు భార్య ఒకామె ఉన్నదనుకుందాం. రెండు మూడు నెలలకోసారి గాని ముట్టు రావడం లేదు. రాత్రి రెండు గంటలకు గుండెల మీద మొదలైన సెగ మెడకు, ముఖానికి పాకుతుంది. జాకెట్టు తడిసిపోతుంది. కొద్ది నిమిషాలకు సెగ తగ్గి చలి వేస్తుంది. థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం ఉండదు. మళ్లీ నిద్ర పట్టేసరికి తెల్లవారుతుంది. అలా పది రాత్రులు గడిచాక కోడలి మీద కసురుకుంటే, ఇంట్లోవారు అత్త గయ్యాళితనం అంటారు. ఆ కోపంలో సగం నిద్రలేమిది.

కనుక ముందు రాత్రి నిద్రను చక్కబెట్టాలి. పలుచని నూలుబట్టలు కట్టుకుని, గాలి ఆడేచోట పడుకోవాలి. సాయంత్రం కాఫీ, టీలు మానాలి. అప్పటికీ పని సాగనంత బాధ ఉంటే డాక్టరు సలహాపై హార్మోను మందులు వాడవచ్చు. ఇవి బాగా పనిచేస్తాయి. అయితే రొమ్ము కేన్సరు వచ్చినవారికి, రక్తనాళాలలో గడ్డలు కట్టినవారికి ఇవి పనికిరావు. అలాంటివారికి వేరే మందులున్నాయి. బరువు తగ్గుతూ, చేతులు వణుకుతూ, పగలంతా గుండె దడగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

పన్నెండు నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్లే. ఆ తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా అది ముట్టు తిరిగి రావడం కాదు; కేన్సరు ఉన్నదేమో వెంటనే చూపించుకోవాలి. గర్భసంచి తీయవలసిన జబ్బులు లేకపోలేదు. కాని ఆవిర్ల కోసమే ఆపరేషన్ అంటే, ఏ జబ్బు ఉందని, అండాశయాలు ఉంచుతారా అని అడిగిన తరువాతే ఒప్పుకోవాలి.