వినపడని అక్షరాలకు వల్లెవేత ఎందుకు?

ఇంటర్‌లో ఫ్రెంచి ద్వితీయ భాషగా చదివేవారికీ, చెప్పేవారికీ ఒక విజ్ఞప్తి

ఫ్రెంచి తీసుకున్న విద్యార్థికి మొదట్లోనే ఎదురయ్యేది వర్తమానకాల క్రియల పట్టిక. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు అని ఆరు గళ్లు. Er, ir, re అని మూడు వరుసలు. మొత్తం పద్దెనిమిది రూపాలు. వాటిని ఎక్కంలా పైనుంచి కిందికి అప్పజెప్పించడం అలవాటైపోయింది. ఈ వరుస తిరగెయ్యాలనీ, కంటికన్నా ముందు చెవికి పని చెప్పాలనీ, 'వాళ్లు' రూపంతో పాఠం మొదలుపెట్టాలనీ మా వాదన.

```
er : parl-   e, es, e, ons, ez, ent
ir : fin-    is, is, it, issons, issez, issent
re : vend-   s, s, –, ons, ez, ent
```

ముందు మొదటి వరుస చూడండి. రాతలో ఐదు రకాల ముగింపులున్నాయి, నోట మాత్రం మూడే శబ్దాలు. నేను, నువ్వు, అతను, వాళ్లు – నలుగురికీ పలుకు ఒక్కటే, 'పార్ల్'. మేముకు 'పార్లోఁ', మీరుకు 'పార్లే'. రాసిన ప్రతి అక్షరాన్నీ పలికే తెలుగు అలవాటుతో మన విద్యార్థి చివరి ent చూసి 'పార్లెంట్' అంటాడు. తప్పు అతని నాలుకది కాదు, అక్షరాన్ని ముందు చూపించిన పాఠానిది. ఇంకో తేడా కూడా ఉంది. తెలుగులో 'చెప్తాను' అంటే చాలు, నేను అనక్కర్లేదు. ఎవరన్నది క్రియ చివరే చెబుతుంది. ఫ్రెంచిలో ఆ చివర చాలాచోట్ల వినపడదు కాబట్టి సర్వనామం వదిలితే అర్థమే పోతుంది. అందుకే ముగింపులను విడిగా వల్లించడం దండగ. సర్వనామంతో కలిపే పలకాలి.

'వాళ్లు' రూపాన్ని ముందు పెట్టమనడానికి కారణం, మిగతా రూపాలన్నీ అందులోంచే పుడతాయి. finir అంటే ముగించడం. 'వాళ్లు' రూపం 'ఫినిస్'. చివరి హల్లు తీసేస్తే 'ఫిని': నేను, నువ్వు, అతను ముగ్గురికీ అదే. 'ఫినిస్'కు ఓఁ చేరిస్తే మేము, ఏ చేరిస్తే మీరు. vendre అంటే అమ్మడం. 'వాఁద్' నుంచి చివరి హల్లు తీస్తే 'వాఁ', చేరిస్తే 'వాఁదోఁ', 'వాఁదే'. er క్రియల్లో మాత్రం హల్లు తియ్యకూడదు. ఫ్రెంచి క్రియల్లో పదింట తొమ్మిదికి పైగా er వర్గంవే కాబట్టి ఆ మినహాయింపు రోజూ నలుగుతూనే ఉంటుంది.

సాధనకు రోజుకు పది నిమిషాలు, ఒక పాచిక చాలు. ఒక్కో వర్గం నుంచి ఒక క్రియ తీసుకుని 'వాళ్లు' రూపం పైకి పలకాలి. తర్వాత పాచిక వెయ్యాలి: ఒకటి పడితే నేను, ఆరు పడితే వాళ్లు. పడిన సర్వనామంతో రూపం వెంటనే రావాలి. నాలుగు పడినప్పుడు విద్యార్థి లోలోపల మొదటినుంచి వల్లించుకుని మేము దగ్గరికి వస్తున్నాడంటే, వరుస వచ్చింది గానీ క్రియ రాలేదన్నమాట. నోటికి తడుముకోకుండా వచ్చాకే పుస్తకం మూసి రాయాలి. అవే క్రియలను మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్లీ పట్టాలి. చివరి పరీక్షగా పాఠంలో లేని choisir ఇచ్చి చూడండి. 'ష్వాజిస్' నుంచి 'ష్వాజి' తనంతట తాను తీస్తే సూత్రం పట్టుబడినట్టే.

పరీక్ష రాతలో కదా, శబ్దానికి మార్కులెక్కడివని అడగవచ్చు. తప్పులు పడేది ఒకేలా వినిపించే రూపాల దగ్గరే; అవేవో ముందే తెలిస్తే చెయ్యి అక్కడ ఆగుతుంది. పైగా రాత భారం అనుకున్నంత లేదు. పై పట్టికలో నువ్వుకు చివర s, మేముకు ons, మీరుకు ez, వాళ్లకు ent: మూడు వర్గాల్లోనూ ఇంతే. తేడా ఉన్నవి నేను, అతను మాత్రమే. తెలుగు లిపిలో ఫ్రెంచి శబ్దాలు సరిగా రావన్న మాటా నిజమే. tu లోని అచ్చుకు మన దగ్గర అక్షరం లేదు. ఇక్కడ తెలుగు రాత ఏ రూపాలు ఒకటో, ఏవి వేరో చూపడానికే. ఉచ్చారణ రికార్డు విని నేర్చుకోవలసిందే. ఇక ir తో ముగిసేవన్నీ finir బాట పట్టవు. partir కు 'వాళ్లు' రూపం 'పార్త్', 'పార్తిస్' కాదు. re లో prendre కూడా దారి తప్పేదే. వల్లె వెయ్యవలసింది ఏదైనా ఉంటే ఈ 'వాళ్లు' రూపమే అనడానికి partir మరో సాక్ష్యం: 'పార్త్' తెలిస్తే 'పార్' దానంతటదే వస్తుంది.

కాబట్టి అధ్యాపకులను కోరేది మూడు మార్పులు. మొదటి వారం పట్టిక బోర్డు మీద రాయకండి. అప్పజెప్పించేటప్పుడు వరుస కలిపేయండి. పట్టికను చివర్లో, విద్యార్థి తాను రాసినది సరిచూసుకోవడానికి ఇవ్వండి.